టర్బోకీ ఇంజిన్‌కీ మధ్య ఒక చల్లని మజిలీ

2009లో మన దేశంలోకి వచ్చిన తొలి తరం ఫార్చ్యూనర్ బానెట్ మీద గాలి పీల్చుకునే వెడల్పాటి నోరు ఒకటి కనిపిస్తుంది. బండికి గంభీరమైన రూపం ఇవ్వడానికే దాన్ని పెట్టారని చాలామంది అనుకుంటారు. బానెట్ ఎత్తి చూస్తే ఆ నోటికి సరిగ్గా కింద, ఇంజిన్ నెత్తిన, సన్నని అల్యూమినియం రేకులు బిగుతుగా పేర్చిన పెట్టె ఒకటి పడుకుని ఉంటుంది. చూడటానికి రేడియేటర్‌లా ఉన్నా అందులో నీళ్లుండవు. దాని గొట్టాల్లో పారేది గాలి, పైనుంచి వీచి దాన్ని చల్లార్చేదీ గాలే. దాని పేరు ఇంటర్‌కూలర్. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం దాన్ని ముందు బంపర్ వెనక దాచేస్తున్నాయి కాబట్టి కంటికి ఆనదు. టర్బో ఉన్న పెట్రోలు బండి బలంగా లాగుతూ, పిస్టన్లు దెబ్బతినకుండా ఏళ్ల తరబడి తిరుగుతోందంటే అందులో ఈ పెట్టె వాటా చాలా పెద్దది.

టర్బో చేసే పని దాదాపు అందరికీ తెలుసు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ వెళితే ఆక్సిజన్ ఎక్కువ వెళ్లినట్టు. ఆక్సిజన్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు. అందుకే ఒక లీటరు ఇంజిన్ ఒకటిన్నర లీటరు ఇంజిన్ పని చేసిపెడుతుంది. ఇంతవరకూ చెప్పి ఆపేస్తే అసలు సంగతి దాటిపోతుంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో టైరుకు గాలి కొట్టాక పంపు కింది భాగం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది ఇందుకే. రాపిడి వల్ల వచ్చే వేడి అందులో కొంతే. గాలిని నొక్కడానికి మనం ఖర్చుపెట్టిన బలమే ఆ గాలిలో వేడిగా చేరుతుంది.

టర్బోలో ఈ వేడి ఎంత ఉంటుందో లెక్క వేసి చూద్దాం. మే నెల మధ్యాహ్నం విజయవాడలో 40 డిగ్రీల ఎండ. ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్. టర్బో గాలిని మామూలు వాతావరణ పీడనానికి 1.8 రెట్లు నొక్కుతోంది. గాలి స్వభావం ప్రకారం ఇంత నొక్కితే, కంప్రెసర్‌లో ఏ లోపమూ లేకపోయినా, ఉష్ణోగ్రత దాదాపు 57 డిగ్రీలు పెరగాలి. నిజమైన కంప్రెసర్‌లో లోపం తప్పదు. చక్రం రెక్కల దగ్గర గాలి సుడులు తిరుగుతుంది, తనలో తాను రాసుకుంటుంది, కొంత వృథాగా చిలకబడుతుంది. ఆ వృథా కూడా వేడిగానే తేలుతుంది. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే పెరుగుదల 57 దగ్గర ఆగకుండా 82 డిగ్రీలకు చేరుతుంది. అంటే టర్బో నోటి నుంచి బయటికొచ్చే గాలి 122 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్లు మరిగే వేడి కన్నా ఎక్కువ. పక్కనే ఎర్రగా కాలే పొగ చక్రం నుంచి ఇనుము ద్వారా పాకే వేడిని నేను ఈ లెక్కలో వేయలేదు.

ఇక్కడ పీడనానికీ పరిమాణానికీ ఉన్న తేడా పట్టుకోవాలి. డ్యాష్‌బోర్డు మీది బూస్ట్ మీటరు పీడనం మాత్రమే చూపిస్తుంది. ఇంజిన్‌కు కావలసింది పీడనం కాదు, బరువు. సిలిండర్‌లో ఎన్ని గ్రాముల గాలి చేరిందన్నదే ఎంత పెట్రోలు కాల్చవచ్చో తేలుస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. అదే పీడనం దగ్గర అదే చోటులో తక్కువ గ్రాములు పడతాయి.

మన ఉదాహరణలో బయటి గాలి లీటరుకు 1.13 గ్రాములు తూగుతుంది. పీడనం 1.8 రెట్లయింది కదా అని 2.03 గ్రాములు వస్తాయని ఆశ పడతాం. కానీ 122 డిగ్రీల వేడిలో దక్కేది 1.61 గ్రాములే. టర్బో పెంచి ఇచ్చిన దానిలో దాదాపు సగాన్ని వేడి మింగేసింది. ఇప్పుడు ఆ గాలిని ఇంటర్‌కూలర్ గుండా పంపి 60 డిగ్రీలకు దించుదాం. రేకుల మధ్య దూరి వచ్చేటప్పుడు గాలి పీడనం కొంచెం పోతుంది కాబట్టి 1.8 కాస్తా 1.75కు దిగిందనుకుందాం. ఆ నష్టం పోను లీటరుకు 1.86 గ్రాములు తూగుతుంది. అంటే 15 శాతం ఎక్కువ గాలి. టర్బో మారలేదు, ఇంజిన్ మారలేదు. దారిలో ఒక అల్యూమినియం పెట్టె చేరిందంతే.

వేడి కూడా శక్తే కదా, దాన్ని బయట పారబోస్తే నష్టం కాదా అనే అనుమానం ఇక్కడ చాలామందికి వస్తుంది. న్యాయమైన అనుమానమే. నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతున్న ఈ లీటరు ఇంజిన్ సెకనుకు 73 గ్రాముల దాకా గాలి తాగుతుంది. అంత గాలిని 62 డిగ్రీలు చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ బయటికి తోసే వేడి సుమారు నాలుగున్నర కిలోవాట్లు. ఆ గాలితో కాలే పెట్రోలు వల్ల చక్రాల వైపు వచ్చే బలం సుమారు 70 కిలోవాట్లు. అందులో ఇంటర్‌కూలర్ పుణ్యాన చేరిన ఆ 15 శాతం విలువ తొమ్మిది కిలోవాట్ల దాకా ఉంటుంది. పారబోసిన దానికి రెట్టింపు చేతికొచ్చింది. పైగా పోయిన నాలుగున్నర కిలోవాట్లు సైలెన్సర్ దారిన ఎలాగూ పోయే పొగ నుంచి టర్బో రాబట్టినవే. అసలు గాలి ముందే వేడిగా ఉండటం వల్ల పిస్టన్‌కు ఒరిగేదేమీ లేదు. పిస్టన్‌ను నెట్టేది పెట్రోలు కాలినప్పుడు పుట్టే వేడి. మంట ఎలాగూ 2,000 డిగ్రీలు దాటుతుంది. గాలి ముందుగా తెచ్చుకున్న ఆ అరవై డిగ్రీలు సాయపడకపోగా కీడు చేస్తాయి.

ఆ కీడు పేరు నాకింగ్. బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజిన్‌లోంచి గులకరాళ్లు డబ్బాలో వేసి కదిపినట్టు వచ్చే శబ్దాన్ని పాత కార్లు నడిపినవాళ్లు విని ఉంటారు. మెకానిక్కులు ఇంజిన్ కొడుతోంది అంటారు.

పెట్రోలు ఇంజిన్‌లో దహనం ఒక క్రమంలో జరగాలి. స్పార్క్ ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. అక్కడ మొదలైన మంట గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని కాలుస్తూ సిలిండర్ గోడల వైపు విస్తరిస్తుంది. చాలా వేగంగానే అయినా వరుసగానే వెళుతుంది. కాలిన వాయువు ఉబ్బుతూ, ఇంకా కాలని మిశ్రమాన్ని మూలలకు తోసి మరింత నొక్కుతుంది. అలా మూలన చిక్కిన మిశ్రమానికి మంట చేరేదాకా ఓపిక ఉండాలి. దాని వేడి హద్దు దాటితే మంట రాకముందే తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. వరుసగా కాలాల్సింది ఒక్క దెబ్బకు పేలుతుంది. ఆ పేలుడు నుంచి పుట్టిన పీడన తరంగం గోడలకు తగిలి అటూ ఇటూ కొట్టుకుంటుంది. మనకు వినిపించే శబ్దం అదే.

శబ్దంతో పోతే బాధ లేదు. పిస్టన్ తలను, సిలిండర్ గోడను మంట నుంచి కాపాడేది వాటికి అంటుకుని ఉండే పలుచని చల్లని వాయువు పొర. నాకింగ్ తరంగం ఆ పొరను చెదరగొడుతుంది. అల్యూమినియం పిస్టన్‌కు మంట వేడి నేరుగా తగులుతుంది. అంచులు చీమలు కొరికినట్టు గుంటలు పడతాయి, రింగుల మధ్య గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. తీవ్రంగా వస్తే ఇది నిమిషాల్లో జరిగిపోగలదు.

ఇప్పుడు మన లెక్క దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే నా దృష్టిలో ఇంటర్‌కూలర్ గురించి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన విషయం ఇదే. సిలిండర్‌లోకి వచ్చాక పిస్టన్ ఆ మిశ్రమాన్ని ఇంకో పది రెట్లు నొక్కుతుంది. నొక్కితే వేడెక్కుతుందన్న నియమం ఇక్కడా పనిచేస్తుంది. వేడి కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. సెంటీగ్రేడుకు 273 కలిపితే వచ్చే అసలు ఉష్ణోగ్రత దాదాపు 2.1 రెట్లవుతుంది. 122 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చిన గాలి, పిస్టన్ పైకి చేరేసరికి 570 డిగ్రీలకు పోతుంది. 60 డిగ్రీల దగ్గర వచ్చిన గాలి 440 దగ్గరే ఆగుతుంది. బయట 62 డిగ్రీలున్న తేడా లోపల 130 డిగ్రీలయింది. ఇంకా మంట వెలగలేదు. మంట వెలిగి మూలను నొక్కడం మొదలుపెడితే ఆ తేడా ఇంకా సాగుతుంది. తనంతట తాను అంటుకోవడానికి మిశ్రమం తీసుకునే సమయం వేడి పెరిగేకొద్దీ మెల్లగా తగ్గదు, అమాంతం కుప్పకూలుతుంది. అందుకే ద్వారం దగ్గర తగ్గించిన ప్రతి డిగ్రీకీ లోపల అంత విలువ.

నేటి ఇంజిన్లకు ఒక కాపలాదారు ఉంది. సిలిండర్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఆ కంపనాన్ని పసిగట్టగానే ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. నిప్పురవ్వ ఆలస్యంగా పడితే పిస్టన్ కిందికి దిగడం మొదలయ్యాక ఎక్కువ భాగం కాలుతుంది. మూలల్లో నొక్కుడు తగ్గి నాకింగ్ ఆగుతుంది. దానికి ధర ఉంది. ఆలస్యంగా కాలిన పెట్రోలు పిస్టన్‌ను నెట్టాల్సినంత నెట్టలేక, ఆ వేడిని పొగలోకి వదిలేస్తుంది. పొగ మరీ వేడెక్కితే టర్బో రెక్కలు తట్టుకోలేవు కాబట్టి, వాటిని చల్లబరచడానికి కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు చిమ్మిస్తుంది, లేదా బూస్ట్ తగ్గించేస్తుంది. బలం పోయింది, మైలేజీ పోయింది. బండి నడిపేవాళ్లకు మాత్రం ఎండాకాలం పికప్ తగ్గినట్టు అనిపిస్తుందంతే. ఇంటర్‌కూలర్ సరిగ్గా పనిచేసే బండిలో స్పార్క్‌ను దాని సరైన వేళకే వదలవచ్చు. అంటే 15 శాతం గాలి మొదటి లాభమైతే, ఆ గాలితో కాలిన ప్రతి పెట్రోలు చుక్క నుంచి పూర్తి పని రాబట్టడం రెండోది. పెట్రోలు ఇంజిన్‌లో ఈ రెండోదే విలువైనదని నా అభిప్రాయం.

డీజిల్ ఇంజిన్ దారి వేరు. అందులో స్పార్క్ ప్లగ్ లేదు. నొక్కి వేడెక్కించిన గాలిలోకి డీజిల్ చిమ్మితే తనంతట తాను అంటుకోవడమే అక్కడి పద్ధతి. కాబట్టి పెట్రోలు ఇంజిన్‌ను పీడించే ఈ నాకింగ్ దానికి సమస్య కాదు. అయినా లారీలకు, బస్సులకు ఇంటర్‌కూలర్ తప్పనిసరి అయింది. గాలి బరువు పెరిగితే నల్లపొగ రాకుండా ఎక్కువ డీజిల్ కాల్చవచ్చు. మంట గరిష్ఠ వేడి తగ్గితే ప్రమాదకరమైన నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. కాలుష్య నియమాలు బిగిసేకొద్దీ ఈ రెండో కారణం బరువు పెరిగింది.

ఇంటర్‌కూలర్ చాలకపోతే ఏమవుతుందో, అదే ఇంజిన్‌కు చాలినంత ఇస్తే ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూపిన ఉదాహరణ ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో దొరుకుతుంది. అమెరికాకు చెందిన లాక్‌హీడ్ పీ-38 లైట్నింగ్ రెండు ఇంజిన్ల యుద్ధవిమానం. అందులోవి పన్నెండు సిలిండర్ల ఆలిసన్ వీ-1710 ఇంజిన్లు, ఒక్కొక్కటీ 28 లీటర్లది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలుచబడుతుంది కాబట్టి వాటికి టర్బోలు పెట్టారు. పలుచని గాలిని ఇంజిన్‌కు కావలసిన పీడనానికి తేవాలంటే ఎన్నో రెట్లు నొక్కాలి. అంతగానూ వేడెక్కుతుంది. చల్లార్చడానికి లాక్‌హీడ్ ఇంజినీర్లు అందమైన ఉపాయం పన్నారు. రెక్క ముందు అంచును బోలుగా చేసి, టర్బో నుంచి వచ్చిన వేడి గాలిని అందులో రెక్క చివరిదాకా పంపి వెనక్కి తెచ్చారు. బయట రివ్వున వీచే చలిగాలి రెక్క చర్మాన్ని చల్లబరుస్తుంది, చర్మం లోపలి గాలిని చల్లబరుస్తుంది. విడిగా పెట్టె అక్కర్లేదు, గాలికి ఎదురు నిలిచే భాగం అసలు లేదు.

ఆ రెక్క అంచును వెయ్యి హార్స్‌పవర్ ఇంజిన్‌కు సరిపడేలా గీశారు. యుద్ధం నడిచేకొద్దీ ఇంజిన్ బలం 1,425 దాకా పెరిగింది. రెక్క మాత్రం అదే. రెక్క చర్మం విస్తీర్ణం పెంచలేరు కదా. హెచ్ నమూనా వచ్చేసరికి పరిస్థితి విచిత్రంగా తయారైంది. ఇంజిన్ 1,425 హార్స్‌పవర్ ఇవ్వగలదు, ఇంధనం ఉంది, టర్బో ఉంది. ఎత్తులో అంత బలం అడిగితే మాత్రం గాలి చల్లబడక నాకింగ్ మొదలవుతుంది. అందుకే పైలట్లు పూర్తి బలం వాడకుండా హద్దు పెట్టాల్సి వచ్చింది. 1943లో వచ్చిన జే నమూనాలో ఇంజిన్లు అవే ఉంచి రెక్కలోని ఏర్పాటు తీసేశారు. ఇంజిన్ గడ్డం కింద, ఆయిల్ కూలర్ల మధ్య, రేకుల పెట్టె ఇంటర్‌కూలర్‌ను పెట్టారు. ఆ గడ్డం ఉబ్బడంతో విమానానికి గాలి ఎదురు కొంత పెరిగింది. అయినా అదే ఇంజిన్ ఇప్పుడు పైఎత్తులో పూర్తి 1,425 ఇచ్చింది, అత్యవసర సమయాల్లో 1,600 దాకా వెళ్లింది. రెక్కలో ఖాళీ అయిన చోట అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టుకున్నారు. కథలో చివరి మలుపు ఇంకోటుంది. ఐరోపా చలికాలంలో ఎత్తున నింపాదిగా ఎగిరేటప్పుడు కొత్త ఇంటర్‌కూలర్ గాలిని మరీ చల్లార్చడం, పెట్రోలు సరిగా ఆవిరి కాకపోవడం అక్కడి ఇంజిన్ వైఫల్యాలకు ఒక కారణమని చెబుతారు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న మాటకు కూడా ఒక హద్దుందన్నమాట.

మన రోడ్ల మీద ఆ హద్దు ఎప్పుడూ ఎదురుకాదు. ఇక్కడ ఇబ్బంది రెండో వైపునే. గాలితో చల్లార్చే ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా బయటి గాలి కన్నా చల్లగా చేయలేదు. మన ఉదాహరణలో 82 డిగ్రీల అదనపు వేడిలో 62 తీసేసింది, అంటే నాలుగింట మూడు వంతులు. అదే పెట్టె, అదే టర్బో డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 10 డిగ్రీల చలిలో పనిచేస్తే లోపలికి వెళ్లే గాలి 28, 29 డిగ్రీలే ఉంటుంది. విజయవాడ మధ్యాహ్నం 60, ఆదిలాబాద్ ఉదయం 28. చలికాలం ఉదయాన బండి హుషారుగా ఉందనిపించడం భ్రమ కాదు.

బయటి వేడి ఒక్కటే కాదు, రేకుల మీద వీచే గాలి వేగం కూడా లెక్కలోకి వస్తుంది. హైవే మీద లారీని దాటడానికి ఐదారు సెకన్లు గట్టిగా తొక్కితే ఇంటర్‌కూలర్‌కు అసలు పరీక్షే కాదు. ఆ కాస్త సేపట్లో వచ్చిన వేడిని అల్యూమినియం తనలోనే దాచుకుని తర్వాత నింపాదిగా వదిలేస్తుంది. నిండుగా మనుషులతో, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కడం అసలు పరీక్ష. ఇంజిన్ మీద బరువు నిమిషాల తరబడి తగ్గదు, బండి వేగం తక్కువ కాబట్టి రేకుల్లోకి గాలి చాలదు, దాచుకునే జాగా నిండిపోతుంది. ట్రాఫిక్‌లో చాలాసేపు నిలిచినప్పుడు కూడా ఇంతే. ఇంజిన్ నెత్తిన ఉన్న ఇంటర్‌కూలర్ కింది నుంచి వచ్చే వేడికి తానే కాగిపోతుంది. ముందు బంపర్ వెనక పెట్టడం ఈ విషయంలో మేలు. కానీ అక్కడికి టర్బో నుంచి పొడవైన గొట్టాలు వేయాలి, వాటిలో గాలి నిండి పీడనం రావడానికి క్షణం ఎక్కువ పడుతుంది.

ఈ రెంటికీ మధ్యేమార్గంగా కొన్ని కంపెనీలు గాలిని నీళ్లతో చల్లారుస్తున్నాయి. వోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా లాంటి కార్లలోని ఒక లీటరు టీఎస్‌ఐ ఇంజిన్‌లో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోనే ఇమిడి ఉంటుంది. దానికి ఇంజిన్ కూలెంట్‌తో కలవని వేరే చల్లని నీటి దారి, ముందువైపు చిన్న రేడియేటర్, విద్యుత్ పంపు ఉంటాయి. గాలి నడిచే దారి పొట్టిది, అందుకే తొక్కగానే బలం అందుతుంది. ఆ చిన్న పంపు ఆగిపోతే మాత్రం ఇంజిన్ వేడి ముల్లు మామూలుగానే ఉండి బలం ఒక్కటే తగ్గుతుంది. ఈ లక్షణం తెలియకపోతే లోపం దొరకడానికి చాలా తిరగాల్సి వస్తుంది.

మామూలు ఇంటర్‌కూలర్‌లో కదిలే భాగం ఏదీ లేదు, కాబట్టి అది తనంతట తాను చెడిపోవడం అరుదు. చెడేది ఎక్కువగా దానికి వచ్చిపోయే గొట్టాలు. రబ్బరు గొట్టం వేడికి, ఆయిల్ ఆవిరికి మెత్తబడి క్లిప్పు దగ్గర చీలుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు చీలిక మూసుకునే ఉంటుంది, తొక్కి బూస్ట్ పెంచినప్పుడు మాత్రం తెరుచుకుని బుస్సుమంటుంది. అందుకే షెడ్డులో నిలబెట్టి చూస్తే దొరకదు. డీజిల్ బండిలో ఇది నల్లపొగగా బయటపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ దగ్గర కొలిచిన గాలికి సరిపడా డీజిల్ చిమ్ముతారు, దారిలో కొంత గాలి జారిపోయింది కాబట్టి ఆ డీజిల్ పూర్తిగా కాలదు. పెట్రోలు బండిలో పికప్ తగ్గి, బూస్ట్ చాలడం లేదని చెప్పే P0299 కోడ్ స్కానర్ తెర మీద కనిపించవచ్చు. ఆ కోడ్ చూడగానే టర్బో మార్చాలని తొందరపడకూడదు. ముందు గొట్టాల అతుకుల దగ్గర తడి ఆయిల్ మరక కోసం వెతకాలి. తర్వాత దారిని మూసి తక్కువ పీడనంతో గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూసి చూడాలి. బుడగలు వచ్చిన చోటే చీలిక. కొన్ని వందల రూపాయల గొట్టంతో పోయేది టర్బో ఖర్చుదాకా వెళ్లడం ఎవరికీ రాకూడని కష్టం. చిల్లు ఉన్నా అలాగే తిప్పితే టర్బో నిజంగానే పాడవుతుంది. తగ్గిన పీడనాన్ని భర్తీ చేయడానికి అది హద్దు దాటిన వేగంతో తిరుగుతుంది కాబట్టి.

గొట్టం ఊడదీసినప్పుడు లోపల పలుచగా ఆయిల్ తడి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, ఇంజిన్ శ్వాస గొట్టం నుంచి వచ్చే ఆవిరి అది. అడుగున చెంచాలకొద్దీ ఆయిల్ నిలిచి ఉంటేనే టర్బో సీలు సంగతి చూడాలి.

రెండో లోపం బయటివైపుది. వానాకాలం మట్టి, పురుగులు రేకుల సందుల్లో చేరి గట్టిపడతాయి. కడిగేటప్పుడు నీళ్లు సాధ్యమైతే వెనకవైపు నుంచి ముందుకు, మెల్లగా పట్టాలి. సర్వీసింగ్ షెడ్డులోని గట్టి ధారను దగ్గరగా పెడితే ఆ మెత్తని రేకులు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. దీనికన్నా ఎక్కువగా కంటపడకుండా పోయేది ఇంకొకటుంది. ముందు బంపర్‌కు దెబ్బ తగిలి రిపేరుకు వెళ్లిన బండిలో ఇంటర్‌కూలర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పలకలు, రబ్బరు పట్టీలు తిరిగి బిగించకుండా వదిలేస్తుంటారు. పనికిరాని ముక్కల్లా కనిపిస్తాయవి. అవి లేకపోతే గాలి రేకుల మధ్య ఇరుకు దారిన వెళ్లే శ్రమ పడదు, పక్కన తెరిచి ఉన్న దారిన జారిపోతుంది. పెట్టె చెక్కుచెదరకుండా ఉన్నా పని సగానికి పడిపోతుంది. బంపర్ రిపేరు తర్వాత పికప్ తగ్గిందని ఎవరైనా అంటే ముందుగా చూడాల్సింది ఇదే.

పని సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి చవకైన ఓబీడీ రీడరు చాలు. చాలా బండ్లలో గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత ఉంటుంది. తెర మీద IAT అని కనిపించే అంకె అదే. కొన్ని బండ్లలో ఆ సెన్సర్ టర్బోకు ముందే ఉంటుంది, అప్పుడు ఆ అంకె బయటి గాలి గురించే చెబుతుంది కాబట్టి ముందు ఇది ఆరా తీయాలి. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళుతున్నప్పుడు ఈ అంకె బయటి వేడి కన్నా పది, ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ఒకసారి గట్టిగా తొక్కితే పెరిగి, వదిలాక నిమిషంలోపు మళ్లీ దిగాలి. పెరగడం కన్నా దిగడాన్నే గమనించాలి. దిగకుండా పైనే వేలాడుతుంటే రేకుల మీద గాలి ఆడటం లేదని అర్థం.

ఇంత చదివాక పెద్ద ఇంటర్‌కూలర్ వేయించుకుంటే ఇంకా బలం రాదా అని కుర్రాళ్లు అడుగుతారు. కంపెనీ ఇచ్చిన టర్బోతో, కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ సెట్టింగుతో నడిచే బండిలో పెద్దగా రాదు. ఎంత బలం ఇవ్వాలన్న హద్దును కంప్యూటర్ పెట్టుకునే ఉంటుంది, గాలి చల్లబడినా ఆ హద్దు దాటనివ్వదు. ఇంటర్‌కూలర్ నాలుగింట మూడు వంతుల వేడి ఇప్పటికే తీసేస్తోంది. మిగిలిన ఇరవై డిగ్రీల్లో సగం తీసినా గాలి బరువు మూడు శాతం పెరుగుతుందంతే. పెట్టె పెద్దదయ్యేకొద్దీ లోపలి చోటు పెరిగి టర్బో స్పందన మందగిస్తుంది, వెనకనున్న ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు గాలి అడ్డమవుతుంది. మన ఎండల్లో ఆ చివరిది చిన్న విషయం కాదు. టర్బో మార్చి బూస్ట్ పెంచినవాళ్లకు, రేసు ట్రాక్ మీద చుట్టు తర్వాత చుట్టు పూర్తి బలంతో తిప్పేవాళ్లకు మాత్రం పెద్దది అవసరమే. పీడనం పెరిగేకొద్దీ వేడి కూడా పెరుగుతుంది, వెయ్యి హార్స్‌పవర్‌కు గీసిన రెక్క 1,425కు చాలనట్టే పాత పెట్టె వాళ్లకు చాలదు.